మూడు దుమ్ము బోర్లు, 58 సెకన్లు: ఒక అతిథి పరిచయం ఎలా తయారైంది

మా కాలేజీ సభకు వస్తానని ఒప్పుకున్న మర్నాడే అతిథి బయోడేటా వాట్సాప్‌లో వచ్చింది. ఐదు పేజీలు. ఎమ్మెస్సీ జియాలజీ, పీహెచ్‌డీ, 31 ఏళ్ల ప్రభుత్వ సర్వీసు, పరిశోధన పత్రాలు, అవార్డులు, కమిటీల్లో సభ్యత్వాలు. చివర్లో ఒక ముక్క: "మేడమ్, మీకు కావలసింది తీసుకోండి, మిగతాది వదిలెయ్యండి."

నేను అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. సభ ఏదైనా మైకు నా చేతికే వస్తుంది, పదహారేళ్లుగా ఇదే తంతు. ఆ ఏడాది మార్చి 22న, ప్రపంచ జల దినోత్సవం నాడు, రిటైరైన ఒక భూగర్భ జలాల నిపుణుణ్ణి పిలిచాం. విషయం "మన బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి". వినేవాళ్లు 240 మంది దాకా పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఓ ముప్పై మంది రైతులు. సమయం మధ్యాహ్నం రెండున్నర. అంటే అన్నం తిన్న తరువాత, మార్చి ఎండలో, ఫ్యాన్ల చప్పుడులో. అతిథికి 40 నిమిషాలు ఇచ్చాం. పరిచయం ఒక్క నిమిషం దాటకూడదని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను.

ఆ హద్దు ఊరికే పెట్టుకోలేదు. అంతకు ముందు ఏడాది విత్తనాల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త వచ్చారు. ఆవిడ బయోడేటా మొత్తం చదివాను. ఏడు నిమిషాలు పట్టింది. అందులో ఒక పాత హోదాను ఇప్పటి హోదాగా చదివేశాను కూడా. ఆవిడ మైకు ముందుకు వచ్చి, "మేడమ్ చెప్పినంత గొప్పదాన్నేమీ కాదు" అని మొదలుపెట్టి, హోదా సరిచేసి, వేదిక మీదున్న అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, అసలు విషయానికి వచ్చేసరికి ఆవిడకిచ్చిన అరగంటలో పదకొండు నిమిషాలు అయిపోయాయి. ఆ తరువాత ఒక విద్యార్థి తీసిన వీడియో చూశాను. కెమెరా హాలు వెనక నుంచి ఉంది కాబట్టి తలలన్నీ కనిపిస్తున్నాయి. మొదటి అవార్డు చదువుతున్నప్పుడు తలలు నిటారుగానే ఉన్నాయి. రెండో అవార్డు దగ్గర వెనక వరస ఫోన్లలోకి వంగిపోయింది. మూడో అవార్డుకి మధ్య వరసలు కూడా. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టేసరికి ఆ తలలు ఇంకా కిందే ఉన్నాయి. వాళ్లను నేనే పడుకోబెట్టి ఆవిడకి అప్పగించానన్నమాట.

అప్పటినుంచి వక్త మొదటి వాక్యాన్ని కొలతబద్దగా పెట్టుకున్నాను. "నా గురించి చాలా ఎక్కువ చెప్పారు" అని వక్త మొదలుపెడితే పరిచయం పాడైనట్టే. పొగడ్త విన్న మనిషికి మన మర్యాద ప్రకారం దాన్ని తగ్గించుకోక తప్పదు, ఆ తగ్గించుకోవడానికి రెండు నిమిషాలు పోతాయి. వక్త నేరుగా విషయంలోకి దిగితే పరిచయం తన పని తాను చేసినట్టు.

అర్హతల జాబితా ఎందుకు పడుకోబెడుతుందో ఆలోచించాను. ఫలానా సంస్థలో ఫెలో అంటే అది పెద్దదో చిన్నదో మా బీకాం పిల్లవాడికి తెలిసే దారి లేదు. అడగని ప్రశ్నకు జవాబులా వినిపిస్తుంది. పైగా వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, డిగ్రీలు, పాత హోదా అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కళ్లతో ఒకసారి చదివినదాన్ని చెవులకు మళ్లీ చెప్పడం దేనికి? ఇంకో సంగతి కూడా గమనించాలి. మన సభల్లో అతిథి ముందే వేదికెక్కి కూర్చుని ఉంటారు, కాబట్టి "ఎవరొస్తారో చూడండి" అనే రకం ఉత్కంఠ మనకు పనికిరాదు. మనిషి ఎదురుగానే కనబడుతున్నారు. "ఏం జరిగింది?" అన్న ఉత్కంఠ ఒక్కటే మనకు మిగిలేది.

ఆ "ఏం జరిగింది" బయోడేటాలో దొరకదు. అందుకే వారం ముందు ఫోన్ చేశాను.

"నమస్కారం సార్. మీ వివరాలు అందాయి. అవి ఫ్లెక్సీకి, కరపత్రానికి వాడతాం. పరిచయానికి మాత్రం ఇంకో మూడు సంగతులు అడగాలి."

"అడగమ్మా."

మొదటి ప్రశ్న: ఆ రోజు మీ ప్రసంగం అయ్యాక పిల్లలు ఇంటికి వెళ్లి వాళ్ల నాయనతో ఏ ఒక్క మాట చెప్పాలని మీరు కోరుకుంటారు? ఆయన కాసేపు ఆలోచించి, "బోరు పడటం వేరు, బోరు నిలవడం వేరు. ఆ తేడా తెలిస్తే చాలు" అన్నారు. దీన్ని రాసుకున్నాను గానీ పరిచయంలో వాడకూడదని కూడా అప్పుడే పక్కన గీత గీసుకున్నాను. అది ఆయన ప్రసంగానికి గుండెకాయ. నేను ముందే చెప్పేస్తే ఆయన చేతిలో ఏమీ మిగలదు.

రెండో ప్రశ్న: ఈ పనిలో మీరు తప్పిన సందర్భం ఏదైనా ఉందా? గెలిచిన సందర్భాలు అడిగితే బయోడేటానే మళ్లీ వస్తుంది. తప్పిన సందర్భం అడిగితే ఒక చోటు, ఒక మనిషి, ఒక నష్టం వస్తాయి. అయితే ఇది అడగడానికి కొంచెం ధైర్యం కావాలి, గొంతులో మర్యాద ఉండాలి. ఆయన గట్టిగా నవ్వారు. "అందరికీ బోరు పాయింట్లు పెట్టి, మా నాయన పొలంలోనే దెబ్బతిన్నాను తల్లీ" అని మొదలుపెట్టారు.

కథ ఇది. ఇరవై ఏళ్ల కిందట వాళ్ల నాయన పొలంలో ఆయన స్వయంగా రెసిస్టివిటీ సర్వే చేశారు. భూమిలోకి కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతోందో కొలిచే పద్ధతి అది. గట్టి రాయి కరెంటును అడ్డుకుంటుంది, నీళ్లున్న శిథిల శిల సులువుగా పోనిస్తుంది. చిక్కేమిటంటే బంకమన్ను కూడా సులువుగానే పోనిస్తుంది. మొదటి పాయింటులో ఆయన్ని మోసం చేసింది బంకమన్నే. రెండో బోరులో, మూడో బోరులో కూడా నీళ్లు లేవు, వచ్చింది దుమ్మే. మూడో బోరు తరువాత వాళ్ల నాయన ఒక్క మాట కూడా అనకుండా పక్క ఊరి నుంచి కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషిని పిలిపించారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలబడిన చోట గుర్తు పెట్టే పద్ధతి మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంది. అక్కడ 180 అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఊరంతా ఆయన్ని చూసి నవ్వింది. రెండో ఎండాకాలానికి ఆ బోరు కూడా ఎండిపోయింది. గ్రానైట్ జాతి గట్టి రాళ్లున్న నేలలో నీళ్లుండేది పైనున్న శిథిల పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ. బోరు ఒక పగులుకు తగిలితే నీళ్లు వస్తాయి. ఆ పగులు ఎంత దూరం పోయింది, దానికి వాన నీళ్లు మళ్లీ ఎక్కడినుంచి చేరతాయి అన్నది కొబ్బరికాయకూ తెలియదు, తొందరపడితే జియాలజిస్టుకూ తెలియదు. ఆయన మిగతా సర్వీసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందట.

మూడో ప్రశ్న: మీ పేరు ఎలా పలకాలి? ఇది నవ్వులాటలా ఉంటుంది గానీ తెలుగు పేర్లతో ఇది పెద్ద ఇబ్బందే. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. విప్పి చెప్పడం కొందరికి ఇష్టం, కొందరికి కాదు. సర్వీసులో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు ఉంటాయి. ఆయన ఇంటిపేరుతో సహా పూర్తిగా చెప్పమన్నారు. నేను తిరిగి పలికి వినిపించాను. ఆయన ఒక చోట దీర్ఘం సరిచేశారు.

ఇరవై నిమిషాల ఫోను. ఆ తరువాత కూర్చుని రాశాను.

మొదటి చిత్తు చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. "కొబ్బరికాయ చేతిలో ఓడిపోయిన శాస్త్రవేత్త మన మధ్యకు వచ్చారు" అని ఉంది. హాలు పగలబడి నవ్వుతుందని తెలుసు. ఆయనకు ఫోన్లో చదివి వినిపించాను. పరిచయంలో వక్త సొంత జీవితం నుంచి ఏది తీసుకున్నా ముందుగా వాళ్లకు వినిపించడం నా నియమం. ఆయన నొచ్చుకోలేదు గానీ ఒక మంచి మాట అన్నారు: "అది నేను చెబితే కథ, నువ్వు చెబితే వెక్కిరింత." నిజమే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొబ్బరికాయ గెలిచిందన్న మాట ముందే వదిలితే ఆ ముప్పై మంది రైతుల్లో సగం మంది "చూశారా, మేం చెప్పలా" అని అక్కడే ఆగిపోతారు. ఆ తరువాత 40 నిమిషాలు ఆయన దాన్ని సరిదిద్దుకోవాలి. కొబ్బరికాయను తీసేశాను.

రెండో చిత్తులో కథంతా చెప్పేశాను, బోరు మళ్లీ ఎండిపోవడంతో సహా. చదివితే బాగానే ఉంది, 1 నిమిషం 50 సెకన్లు. కానీ వినడం అయ్యాక అడగడానికి ఏమీ లేదు. కథ ముగిసిపోయింది. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి నాలుగో పాయింటులో నీళ్లు పడిన చోట ఆపాను. అక్కడ వినేవాడి నోట్లో రెండు ప్రశ్నలు వాటంతటవే పుడతాయి: చూపించింది ఎవరు? మరి ఈయన సంగతేమైంది? ఈ రెండింటికీ ప్రసంగంలో జవాబుందని నాకు ముందే తెలుసు, ఆయన్ని అడిగి రూఢి చేసుకున్నాను కాబట్టి. పరిచయంలో రేపిన ప్రశ్నకు ప్రసంగంలో జవాబు లేకపోతే అది మోసం. వినేవాళ్లు ఆ కోపాన్ని నా మీద కాదు, వక్త మీద చూపిస్తారు.

ఇక్కడ వ్యాకరణం దగ్గర చిక్కుకుపోయాను. కథలోని కొడుకు వేదిక మీదున్న అతిథే అన్న సంగతి చివర్లో తెలియాలి. తెలుగులో క్రియ ఊరుకోదు. "కొడుకు పాయింటు పెట్టాడు" అంటే పెద్దమనిషిని సభలో ఏకవచనంలో అన్నట్టవుతుంది, తరువాత తెలిశాక అందరికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. "కొడుకు పాయింటు పెట్టారు" అంటే ఆ "రు" వినగానే ముందు వరస తలలు అతిథి వైపు తిరుగుతాయి, గుట్టు రట్టు. వాళ్ల నాయన విషయంలోనూ అంతే, "రైతు బోరు వేశాడు" అనడం నాకు నచ్చలేదు. చివరికి "పెట్టింది ఎవరంటే" అనే పద్ధతిలోకి మార్చాను. "ఆ మూడు పాయింట్లూ పెట్టింది ఆ రైతు కన్నకొడుకు." ఇక్కడ "పెట్టింది" మనిషికి గౌరవమూ ఇవ్వదు, అగౌరవమూ చెయ్యదు. రైతు విషయంలో మనిషిని పక్కకు జరిపి బోర్లను ముందుకు తెచ్చాను. ఆపైన అసలు సంగతి తెలిసే వాక్యంలో మొదటిసారి "రు" వాడాను: "ఆ కొడుకు ఇప్పుడు ఈ వేదిక మీద ఉన్నారు." ఏళ్లుగా పాఠం చెబుతున్న వ్యాకరణం నాకు పనికొచ్చిన సందర్భాల్లో ఇదొకటి.

రెండో చిక్కు పేరు. పేరు చివర రావాలి, ఆ వెంటనే చప్పట్లు పడాలి. కానీ మన అలవాటు వాక్యం "ఫలానా గారిని ప్రసంగించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాను". పేరు ముందు వచ్చేస్తుంది, వెనకాల పెద్ద తోక. జనం పేరు దగ్గర చప్పట్లు మొదలుపెడతారు, తోక ఆ చప్పట్లలో మునుగుతుంది, వక్త లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచి ఆగిపోతారు. క్రియను ముందు వాక్యంలోనే ముగించేసి పేరును ఒంటరిగా వదిలితే ఈ బాధ లేదు. "... ఆయన చెబుతారు." ఒక్క క్షణం ఆగి, "డాక్టర్ ఫలానా గారు." అంతే. అభిజ్ఞాన శాకుంతలం ప్రస్తావన పాఠం చెప్పిన ప్రతిసారీ ఇది నాకు గుర్తొస్తుంది. సూత్రధారుడు నటి పాటకు మైమరచిపోయి, "వేగంగా పరిగెత్తే లేడి దుష్యంత మహారాజును లాక్కుపోయినట్టు నీ పాట నన్ను లాక్కుపోయింది" అంటాడు. అనగానే లేడిని తరుముతూ రాజు రథం మీద వస్తాడు. వంశం, బిరుదులు, గెలిచిన యుద్ధాలు, ఒక్కటీ లేవు. పేరు, లేడి, రథం.

చివరికి చేతిలో మిగిలింది ఇది:

"మీ ఇంటి పొలంలో బోరు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. అది ఒక్క ఎండాకాలమైనా ఎండిపోయి ఉంటే, చెయ్యి దించకండి.

ఇరవై ఏళ్ల కిందట మన జిల్లాలోనే, ఒక రైతు పొలంలో మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ వచ్చింది దుమ్మే. ఆ మూడు పాయింట్లూ పెట్టింది బయటివాళ్లు కాదు, ఆ రైతు కన్నకొడుకు. అప్పటికే గవర్నమెంటు ఉద్యోగంలో ఉన్న జియాలజిస్టు. నాలుగో పాయింటు చూపించింది వేరే మనిషి. అక్కడ నీళ్లు పడ్డాయి.

ఆ కొడుకు ఇప్పుడు ఈ వేదిక మీద ఉన్నారు. 31 ఏళ్లు ఈ జిల్లా రాళ్లలోనే నీళ్లు వెతికారు. ఆ వేరే మనిషి ఎవరో, ఆ నీళ్లు ఎన్నాళ్లు ఉన్నాయో, మన బోర్లు ఎందుకు ఎండుతున్నాయో ఆయన చెబుతారు.

డాక్టర్ ఫలానా గారు."

80 మాటలు. మైకులో నా వేగం నిమిషానికి సుమారు వంద మాటలు, కాబట్టి చదవడానికి 48 సెకన్లు. చేతులెత్తడానికి, చుట్టూ చూసుకోవడానికి ఇంకో పది సెకన్లు. ఇంగ్లిష్ పరిచయాలకు చెప్పే మాటల లెక్క మనకు సరిపోదు. తెలుగులో ఒక్కో మాటా పొడుగు, అదే నిమిషంలో తక్కువ మాటలు పడతాయి. గడియారం పెట్టుకుని బయటికి చదివితేనే అసలు నిడివి తెలుస్తుంది.

ఇందులో అర్హత ఒక్కటే ఉంది: 31 ఏళ్లు ఈ జిల్లా రాళ్లలో వెతికారు అన్నది. దాన్ని తీసేద్దామా అని కూడా అనుకున్నాను. తీసేస్తే మూడు బోర్లు పోగొట్టిన మనిషి మాట ఎందుకు వినాలి అన్న ప్రశ్న మిగిలిపోతుంది. పీహెచ్‌డీ ఉంచితే ఆ ప్రశ్నకు జవాబు రాదు, 31 ఏళ్లూ ఈ జిల్లా అన్న మాటా ఉంచితే వస్తుంది. "ఈ విషయం మీద ఈ మనిషి మాట ఎందుకు నమ్మాలి" అన్నదానికి జవాబిచ్చే అర్హత ఏదో వెతుక్కుని, అది ఒక్కటే, కథ తరువాత పెట్టాలి. ముందు పెడితే అది మళ్లీ జాబితా మొదటి వరసే అవుతుంది. కాకపోతే వైద్యం, చట్టం లాంటి విషయాల్లో వక్త ఆ వృత్తిలో ఉన్నవారన్న మాట ఇంకొంచెం స్పష్టంగా, ముందుగానే చెప్పాలి. అక్కడ వినేవాళ్లకు ముందు భరోసా కావాలి. మంత్రులూ కలెక్టర్లూ వచ్చే సభల్లో ప్రోటోకాల్ ప్రకారం హోదాలు చదవాల్సిందే, అక్కడ నేను ఈ పద్ధతి జోలికి పోను. సంతాప సభలో అసలే పోను.

అసలు యుద్ధం స్టాఫ్ రూములో జరిగింది. ప్రిన్సిపాల్ మేడమ్ కాగితం చదివి, "ఇందులో ఆయన గురించి ఏముంది? పరిశోధనల సంగతి చెప్పలేదు, అవార్డులు చెప్పలేదు. ఆయన ఏమనుకుంటారు?" అన్నారు. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. మన దగ్గర పరిచయం సగం వినేవాళ్ల కోసం, సగం అతిథి మర్యాద కోసం. ఆ మర్యాదను ఎక్కడో ఒకచోట చెల్లించాలి. వేరే చోట చెల్లిద్దాం అన్నాను. అర్హతలన్నీ ఒక పేజీకి కుదించి కరపత్రంలో వేశాం, కుర్చీల్లో ముందే పెట్టించాం. శాలువా, జ్ఞాపిక ప్రసంగం తరువాతకు మార్చాం. సన్మానం చేసేటప్పుడు ప్రిన్సిపాల్ మేడమే ఆయన అవార్డులు చదువుతారు. నలభై నిమిషాలు విన్నాక ఆ అవార్డులకు అర్థం ఉంటుంది, చప్పట్లు మనస్ఫూర్తిగా పడతాయి. ఆవిడ ఒప్పుకున్నారు. అతిథికి కూడా ఈ ఏర్పాటు ముందే చెప్పాం. చెప్పకపోతే నా అర్హతలు మరిచిపోయారా అని ఆయన వేదిక మీద ఇబ్బంది పడే అవకాశం ఉంది.

ఆ రోజు జ్యోతి ప్రజ్వలన అయ్యింది, అధ్యక్షోపన్యాసం అనుకున్నదానికన్నా పావుగంట ఎక్కువ సాగింది. నేను మైకు దగ్గరికి నడుస్తుంటే నిర్వాహకుల్లో ఒకరు నా చేతిలో ఒక చీటీ పెట్టారు. అతిథి ఈ మధ్యనే ఏదో కమిటీలో చేరారట, అది కూడా చదవమని. మడిచి కాగితాల కింద పెట్టేశాను. ఆ చీటీ ప్రతి సభలోనూ వస్తుంది. రాని సభ నేను చూడలేదు.

చేతులెత్తండి అన్నాను. పిల్లల్లో సగానికి పైగా, రైతులు దాదాపు అందరూ ఎత్తారు. దించకండి అన్న తరువాత దిగిన చేతులు చాలా తక్కువ. అప్పుడు జరిగినదాన్ని నేను ముందు ఊహించలేదు. ఎత్తిన చేతులతోనే జనం ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరి ఇల్లు ఏదో తెలిసినవాళ్లు కాబట్టి. ఆ చూపుల్లో హాలు దానంతటదే నిశ్శబ్దమైంది. "ఆ రైతు కన్నకొడుకు" దగ్గర ముందు వరసలో ఒక పెద్దాయన "అయ్యో" అన్నాడు, గట్టిగానే. "ఈ వేదిక మీద ఉన్నారు" అనగానే అన్ని తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. ఆయన చిన్నగా చెయ్యెత్తి ఊపారు. పేరు చెప్పాను, చప్పట్లు. మొత్తం 58 సెకన్లు.

ఆయన మైకు సరిచేసుకుని అన్న మొదటి మాట: "మా నాయన ఆ రోజు నాతో మాట్లాడలేదు." నేరుగా పొలంలోకి దిగిపోయారు. నా కొలతబద్ద ప్రకారం ఇంతకంటే ఏం కావాలి? కొబ్బరికాయ సంగతి పదో నిమిషంలో ఆయనే చెప్పారు, నాకన్నా వందరెట్లు బాగా. నేను ముందే వాడేసి ఉంటే అక్కడ అంత నవ్వు వచ్చేది కాదు.

ఇప్పుడు తప్పు సంగతి. పైన రాసిన కాగితంలో "మన బోర్లు ఎందుకు ఎండుతున్నాయో ఆయన చెబుతారు" అని ఉంది. వేదిక మీద, ఆ నిశ్శబ్దం చూసిన ఉత్సాహంలో, నా నోట "ఎండకుండా ఏం చేయాలో" అని వచ్చింది. చిన్న తేడా. అన్నప్పుడు నేను గమనించలేదు. కానీ అక్కడున్న రైతులు గమనించారు. ప్రశ్నల సమయంలో మొదటి ప్రశ్నే, "సార్, ఎండకుండా ఉపాయం చెబుతారని మేడమ్ అన్నారు, అదింకా చెప్పలేదే" అని. ఆయన ప్రసంగం కారణాల గురించి. ఇంకుడు గుంతలు, బోరుకూ బోరుకూ మధ్య దూరం, పంట మార్పు ఇవన్నీ వేరే రోజు సంగతులు. పాపం, అప్పటికప్పుడు పది నిమిషాలు వాటి గురించి చెప్పారు, పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు ఆ మేరకు తగ్గాయి. ప్రశ్న రేకెత్తించడంలో ఇదే కత్తిమీద సాము. పరిచయంలో ప్రతి మాటనూ జనం వాగ్దానంగా లెక్కేసుకుంటారు. అందుకే ఇప్పుడు చివరి రెండు వాక్యాలు కంఠస్థం చేస్తాను, మిగతాది కాస్త అటూఇటూ అయినా పరవాలేదు. ఆ రెండూ కాగితంలో ఉన్నట్టే రావాలి.

సాయంత్రం టీ తాగుతూ ఆయన ఆ కాగితం అడిగి తీసుకున్నారు. కొన్ని నెలల తరువాత ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు మాట్లాడమని పిలిస్తే, పరిచయం చేసే అమ్మాయికి నా కాగితమే ఇచ్చారట. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చదివింది. "పొలంలో బోరు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి" అంటే నలుగురు ఎత్తారట, అందులో ఇద్దరు సగం సగం. కథ బాగానే విన్నారు గానీ మొదటి పది సెకన్లు చల్లగా పోయాయి.

"మళ్లీ వచ్చే నెల ఇంకో కంపెనీలో ఉందమ్మా, ఆ మొదటి వాక్యం కాస్త మార్చి ఇస్తావా?" అన్నారు.

వాళ్లు ఎక్కడ ఉంటారు సార్ అని అడిగాను. అందరూ అపార్ట్‌మెంట్లే అన్నారు. "పోయిన ఎండాకాలం మీ అపార్ట్‌మెంట్‌కి నీళ్ల ట్యాంకర్ వచ్చినవాళ్లు చెయ్యెత్తండి. మీ బోరు ఎన్ని అడుగులో తెలిసినవాళ్లు మాత్రం దించకండి" అని రాసి పంపాను. ట్యాంకర్‌కి హాలంతా చెయ్యెత్తిందట. అడుగుల దగ్గర మిగిలింది ఒక్క చెయ్యి, అది వాళ్ల అసోసియేషన్ సెక్రటరీది.